వంద పేజీల నవలలు, వదిలేయదగ్గ పుస్తకాలు

ప్రశ్న: డిగ్రీ రోజుల్లో బాగా చదివేదాన్ని. ఉద్యోగంలో చేరాక ఒక్క పుస్తకమూ పూర్తి కావడం లేదు. ‘వేయిపడగలు’ 125 పేజీల దగ్గర, ‘చివరకు మిగిలేది’ సగంలో ఆగిపోయాయి. రాత్రి పనులన్నీ అయ్యాక అరగంట దొరుకుతుంది, అందులోనూ చెయ్యి ఫోన్ మీదకే పోతుంది. చిన్న పుస్తకాలు ఏవైనా చెప్పండి. ఇంకో సంగతి, నచ్చని పుస్తకాన్ని ఎక్కడ వదిలేయాలో తేల్చుకోలేకపోతున్నాను. వదిలేస్తే తప్పు చేసినట్టుంటుంది, పట్టుకుంటే ముందుకు కదలదు.
ఒక పాఠకురాలు, కరీంనగర్

సమాధానం: ముందు ఒక చిన్న లెక్క వేసుకోండి. ఏదైనా పుస్తకం తీసి నాలుగైదు పేజీలు చదివి, కథలో పడ్డాక గడియారం చూసుకోండి. అక్కడి నుంచి పది నిమిషాలు మామూలుగా చదవండి. వేగం పెంచకండి. ఆరు పేజీలు వచ్చాయనుకుందాం. అంటే మీ అరగంటకు 18 పేజీలు. ఈ లెక్కన వెయ్యి పేజీల నవలకు 56 రాత్రులు కావాలి. వారంలో నాలుగు రాత్రులే కుదిరితే 14 వారాలు, మూడు నెలలు దాటిపోతుంది. అదే 110 పేజీల నవల ఆరేడు రాత్రుల్లో అయిపోతుంది, మధ్యలో రెండు మూడు రాత్రులు తప్పినా రెండు వారాల్లోపే.

ఈ రెండు వారాలనే మీ కొలతగా పెట్టుకోండి. అరగంట చొప్పున చదివేవాళ్లు పెద్ద నవలను ఆపేసేది సాధారణంగా విసుగుతో కాదు, మరుపుతో. నాలుగు రోజుల తర్వాత పుస్తకం తెరిస్తే ఫలానావాడు ఎవరి అల్లుడో గుర్తుండదు. వెనక్కి తిప్పి ఐదారు పేజీలు మళ్లీ చదువుతారు. అరగంటలో మూడోవంతు అక్కడే పోతుంది. రెండు వారాలు ఇలా నడిస్తే పుస్తకం కదలడం లేదన్న భావన స్థిరపడిపోతుంది. అప్పుడిక చేతికి దగ్గరగా ఉన్న ఫోనే గెలుస్తుంది. రెండు వారాల్లో ముగిసే పుస్తకంలో ఈ మరుపుకు చోటుండదు.

అయితే చిన్న పుస్తకం అనగానే అట్ట వెనక పేజీల సంఖ్య చూసి కొనకండి. మన పుస్తకాల్లో ముందుమాటలే ఒక్కోసారి 20, 30 పేజీలు తినేస్తాయి. అవి తీసేసి అసలు కథ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చూడండి. కొన్నాక కూడా ముందుమాటలను చివరికి వాయిదా వేయండి. కథలో ఏం జరుగుతుందో, ఎవరు చనిపోతారో వాటిలోనే చెప్పేస్తారు. మీలాగా పట్టు కోసం వెతుకుతున్న పాఠకులకు అంతకన్నా నష్టం ఉండదు. ‘మహాప్రస్థానం’కు చలం రాసిన ‘యోగ్యతాపత్రం’ లాంటి గొప్ప ముందుమాట అయినా సరే, కవితలు చదివాక చదివితేనే దాని బలం తెలుస్తుంది.

పేజీల కన్నా ముఖ్యంగా చూడాల్సినవి మూడున్నాయి. కథ ఎంత కాలంలో జరుగుతోంది, మొదటి పది పేజీల్లో ఎన్ని పేర్లు వచ్చాయి, ఒక అధ్యాయం మీ అరగంటలో అయిపోతుందా. ఒక రాత్రిలోనో ఒక ప్రయాణంలోనో ముగిసే కథకు మీరు గుర్తుపెట్టుకోవాల్సింది చాలా తక్కువ. మూడు తరాలు నడిచే కథ 150 పేజీల్లోనే ఉన్నా మీ చేతిలో పెద్ద పుస్తకం లాగే ప్రవర్తిస్తుంది. పుస్తకాల షాపులో నిలబడి మొదటి పది పేజీలు తిరగేస్తే పేర్ల సంగతి తేలిపోతుంది. ఆరు దాటితే ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

ఈ కొలతలకు సరిగ్గా సరిపోయే నవల కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. పందులు మేపుకునే ఒక ముసలివాడు, ఈనడానికి సిద్ధంగా ఉండి ఇంటికి తిరిగిరాని సుక్కపంది, దాన్ని వెతుక్కుంటూ అతడు వెళ్లిన అడవి, ఒక్క రాత్రి. వంద చిల్లర పేజీలు. గుర్తుపెట్టుకోవడానికి వంశవృక్షం లేదు, మధ్యలో ఇంకో ఊరికి, ఇంకో కాలానికి వెళ్లడం లేదు. ముసలివాడు ఇప్పుడు ఎక్కడున్నాడు, పందిపిల్లలకు ఏ వైపు నుంచి ప్రమాదం, రాత్రి ఇంకెంత మిగిలింది అన్న మూడు సంగతులు తెలిస్తే ఏ పేజీ దగ్గరైనా మళ్లీ అందుకోవచ్చు. నాలుగు రోజులు ఆగి తెరిచినా ఒక్క పేరా చదివేసరికి మీరు అడవిలోనే ఉంటారు. ఆగిపోయే అలవాటు పడ్డవాళ్లు మొదట దీన్నే చదవాలని మా గట్టి అభిప్రాయం.

దీన్ని ఇలా చదవండి. మొదటిసారి మాత్రం అరగంట కాకుండా ఆదివారం మధ్యాహ్నం గంట కేటాయించండి. మీ వేగంలో 35 పేజీలు అవుతాయి, అంటే మూడోవంతు. ఏ పుస్తకానికైనా మొదటి విడత పెద్దదిగా ఉండాలి, ఎందుకంటే గొంతుకు, చోటుకు అలవాటు పడే శ్రమంతా అక్కడే ఉంటుంది. ఆ శ్రమను రోజుకు పది పేజీల చొప్పున నాలుగు రాత్రులకు పంచితే ప్రతి రాత్రీ కష్టమే మిగులుతుంది. ఆ తర్వాత నాలుగైదు రాత్రులు అరగంట చాలు. ఫోన్ ఇంకో గదిలో పెట్టండి. తెలియని మాట వస్తే వెంటనే ఫోన్‌లో వెతకకండి, పెన్సిల్‌తో పక్కన చుక్క పెట్టి ముందుకు పొండి. అర్థం కోసం తీసిన ఫోన్ అర్థం దగ్గర ఆగదు. చుక్కలు పెట్టిన మాటల్లో సగానికి పైగా పది పేజీలు చదివేసరికి వాటంతటవే తెలిసిపోతాయి. మిగిలినవి పుస్తకం అయ్యాక చూసుకోవచ్చు.

ఒక ఇబ్బంది మాత్రం వస్తుంది. కేశవరెడ్డిది చిత్తూరు ప్రాంతం. అక్కడి పల్లె మాట, అడవి మాట కరీంనగర్ చెవికి కొత్త. మొదటి 15 పేజీలు మీ వేగం తగ్గుతుంది, పది నిమిషాలకు ఆరు పేజీలు కాస్తా నాలుగు కావచ్చు. అది విసుగు కాదు. సంభాషణలు వచ్చిన చోట రెండు మూడు పేజీలు పైకి చదివితే చెవి కుదురుకుంటుంది. నామిని కథలకూ ఇదే మందు.

రెండో పుస్తకంగా ఆయనదే ‘మునెమ్మ’ తీసుకోవచ్చు, అదీ చిన్నదే. భర్త చావు వెనక ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఇల్లు దాటి బయల్దేరిన పల్లెటూరి స్త్రీ కథ. ఎవరు, ఎందుకు అన్న ప్రశ్న మొదట్లోనే పడుతుంది కాబట్టి పేజీలు వాటంతటవే తిరుగుతాయి. అలా కాకుండా మనసులో మాట చెప్పే కథ కావాలంటే చలం ‘మైదానం’ ఉంది. ప్లీడరు భర్తను వదిలి అమీర్‌తో వెళ్లిపోయిన రాజేశ్వరి తన కథ తానే చెబుతుంది. ఒకే గొంతు మొదటి వాక్యం నుంచి చివరిదాకా సాగుతుంది కాబట్టి చెదిరిన మనసుకూ పట్టు దొరుకుతుంది. రాజేశ్వరితో మీరు వాదించుకుంటూ చదువుతారు, వాదన నడుస్తున్నంతసేపు ఫోన్ గుర్తు రాదు.

గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, రావిశాస్త్రి ‘అల్పజీవి’ కూడా చిన్న నవలలే. కానీ వాటిని మొదటి పుస్తకంగా పెట్టుకోవద్దు. రెండింట్లోనూ కథ బయట కన్నా మనిషి లోపల ఎక్కువ నడుస్తుంది. సీతారామారావు తనను తాను సమర్థించుకునే తీరు, సుబ్బయ్య ప్రతి చిన్నదానికీ భయపడే తీరు వాక్యం వాక్యంగా పట్టుకోవాలి. నిద్ర ముంచుకొచ్చే వేళ ఒక పేరా జారితే ఆ మనిషి ఎందుకలా చేశాడో తెలియదు. రెండు నవలలు పూర్తయ్యాక, పగటిపూట చదవడానికి వీటిని ఉంచుకోండి. మీ ప్రాంతపు మాట వినాలనుంటే దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ మూడో నాలుగో పుస్తకంగా బాగుంటుంది. మిగతావాటి కన్నా కాస్త పెద్దదే, అయితే నిజాం కాలపు తెలంగాణ పల్లె సంభాషణలు మీకు చదువుతున్నట్టు కాక వింటున్నట్టు ఉంటాయి. మొదట్లో పేర్లు ఎక్కువనిపిస్తే, చిన్న కాగితం మీద పేరు, వరస రాసి పేజీ గుర్తుగా వాడుకోండి.

కథల సంపుటాల సంగతి కొంచెం వేరు. చాలామంది కథలు చిన్నవే కదా అని సంపుటి తీసుకుని, నవలలా వరసగా ఒకే రాత్రి నాలుగు చదివి, ఏదీ గుర్తులేక విసిగిపోతారు. ప్రతి కథా కొత్త ఊరు, కొత్త మనుషులు. మొదటి రెండు పేజీల శ్రమ ప్రతిసారీ మళ్లీ పడాలి. అందుకే రాత్రికి ఒకటి చదివి మూసేయండి. సంపుటి మొత్తం పూర్తి చేయాలన్న నియమమూ అక్కర్లేదు. ఒకే ఊరు, అదే మనుషులు మళ్లీ మళ్లీ కనిపించే సంపుటాలైతే ఆ శ్రమ తగ్గుతుంది. ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ అలాంటిది. ఒక ముస్లిం కుటుంబంలోని పిల్లవాడి గొంతులో సాగే చిన్న చిన్న కథలు. వంశీ ‘మా పసలపూడి కథలు’ చూడటానికి లావు పుస్తకమే. కానీ స్వాతి వారపత్రికలో వారానికి ఒకటిగా వచ్చినవి కాబట్టి దేనికది ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. లావు చూసి భయపడాల్సిన పని లేదు.

ఇక వదిలేయడం గురించి. సియాటిల్‌లో లైబ్రేరియన్‌గా పేరు తెచ్చుకున్న నాన్సీ పెర్ల్ ఒక లెక్క చెప్పారు. 50 ఏళ్ల లోపు వాళ్లు ఏ పుస్తకానికైనా 50 పేజీలు ఇవ్వాలి, ఆపై వయసు వాళ్లు వందలోంచి తమ వయసు తీసేస్తే ఎంత వస్తుందో అన్ని పేజీలిస్తే చాలు. మంచి నియమమే. అయితే మూడు వందల పేజీల పుస్తకానికి సరిపోయే ఆ లెక్క మన వంద పేజీల నవలకు కుదరదు, సగం పుస్తకం అయిపోతుంది. దాన్ని కొంచెం మార్చుకుందాం. 150 పేజీల లోపు నవలకు 30 పేజీలు, అంతకన్నా పెద్దదానికి 60 పేజీలు, లేదా అక్కడికి దగ్గరలో అధ్యాయం ముగిసే చోటు. ఆ పేజీ దగ్గర ముందే ఒక కాగితం పెట్టండి. అక్కడికి చేరేదాకా వదిలేయాలా వద్దా అన్న ఆలోచనే పెట్టుకోవద్దు. ప్రతి పేజీ దగ్గరా ఆ తర్జనభర్జన పడటమే చదువులో సగం అలసట.

కాగితం దగ్గరికి వచ్చాక పుస్తకం మూసి, చివరి రెండు పేజీల్లో ఏం జరిగిందో రెండు వాక్యాల్లో చెప్పండి. పైకే చెప్పండి. చెప్పలేకపోతే ఇంకా తీర్పు ఇవ్వకండి. కళ్లు అక్షరాల మీద నడిచాయి, మీరు చదవలేదు. మర్నాడు పొద్దున్న ఆ రెండు పేజీలే మళ్లీ చదవండి. పొద్దున్న సులువుగా చెప్పగలిగితే తప్పు పుస్తకానిది కాదు, రాత్రి పదకొండు గంటలది. ఆ పుస్తకాన్ని సెలవురోజుకు మార్చుకోండి. పొద్దున్న కూడా చెప్పలేకపోతే ఆ రచన మీకు ఇప్పుడు అందడం లేదు, వదిలేయవచ్చు.

చక్కగా చెప్పగలిగారు, అయినా ముందుకెళ్లాలని లేదనుకోండి. అప్పుడు ఒకే ప్రశ్న. ఈ మనుషుల్లో ఎవరికి ఏమవుతుందో మీకు తెలుసుకోవాలని ఉందా? ఒక్కరి గురించైనా ఉంటే ఇంకో అధ్యాయం చదవండి. ఎవరి గురించీ లేకపోతే అక్కడితో సరి. అన్నీ అర్థమవుతూ ఏదీ పట్టకపోవడమే వదిలేయడానికి అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు. ఇది పుస్తకం చెడ్డదని చెప్పదు, మీకూ దానికీ ఇప్పుడు పొత్తు కుదరలేదని చెబుతుంది.

ఒక పొరపాటు మాత్రం చేయకండి. పాత్ర మీద కోపాన్ని పుస్తకం మీద విసుగనుకోవద్దు. ‘అసమర్థుని జీవయాత్ర’ చదువుతుంటే సీతారామారావు మీద ఒళ్లు మండుతుంది. పట్టుకుని నాలుగు దులపాలనిపిస్తుంది. ఆ మంటే ఆ నవల మీలో పుట్టించాలనుకున్నది. విసుగు వచ్చినప్పుడు మీ మనసు పుస్తకంలోంచి బయటికి, రేపటి పనుల మీదకు పోతుంది. కోపం వచ్చినప్పుడు మనసు పాత్ర చుట్టూనే తిరుగుతుంది. పుస్తకం మూశాక కూడా దాని గురించే ఎవరితోనైనా పోట్లాడాలనిపిస్తే అది వదిలేయాల్సిన పుస్తకం కాదు. మరీ బరువైన సంగతులు నిద్ర చెడగొడుతుంటే అది వేరే కారణం, అప్పుడు ఏ పేజీ దగ్గరైనా ఆపే హక్కు మీకుంది.

ఆపేసిన రోజు ఒక చిన్న పని చేయండి. పేజీ సంఖ్య, అప్పటికి కథలో ఎవరు ఎక్కడున్నారో, ఎందుకు ఆపారో మూడు వాక్యాలు చీటీ మీద రాసి ఆ పేజీలోనే పెట్టి, పుస్తకాన్ని మంచం పక్కనుంచి తీసి బీరువాలో పెట్టేయండి. కళ్లెదుట ఉన్న సగం పుస్తకం కొత్తదాన్ని కూడా ముట్టనివ్వదు. తప్పు చేశామన్న భావనకు ముఖ్య కారణం పుస్తకం అటూ ఇటూ కాకుండా ఉండటమే. చీటీ పెట్టి బీరువాలోకి చేర్చిన పుస్తకం విషయంలో మీరు ఒక నిర్ణయం తీసేసుకున్నారు. అరువు తెచ్చినదైతే ఆ వారమే తిరిగి ఇచ్చేయండి.

మీ దగ్గర సగంలో ఉన్న రెండింటికీ ఒకే వైద్యం పనికిరాదు. ‘చివరకు మిగిలేది’లో దయానిధి చుట్టూ కోమలి, అమృతం, సుశీల, ఇందిర, నాగమణి వస్తుంటారు, పోతుంటారు. తర్వాతేం జరుగుతుందన్న ఉత్కంఠ కన్నా దయానిధి ఆలోచనల మీదే నవల నడుస్తుంది. సంఘటన కోసం చూస్తున్నవాళ్లకు సగం దగ్గర ఊపిరాడదు. అందుకే మళ్లీ తెరవకముందు ఆ నవల రాసిన బుచ్చిబాబుదే కథ ‘నన్ను గురించి కథ వ్రాయవూ’ ఒక్కటి చదవండి. ఒక్క సాయంత్రం పని. ఆ కథలో మనుషుల మధ్య చెప్పీ చెప్పకుండా మిగిలిపోయే మాటలు మీకు రుచిస్తే నవల కూడా రుచిస్తుంది, మొదటి నుంచి మొదలుపెట్టండి. ఆ కథే నచ్చకపోతే నవలను నిశ్చింతగా ఇచ్చేయండి. ఏ రచయిత పెద్ద నవలకైనా ఈ పరీక్ష పనికొస్తుంది, ముందు ఒక కథ, తర్వాతే నవల.

‘వేయిపడగలు’ మాత్రం ఉంచుకోండి, అయితే ఇప్పుడే చదవడానికి కాదు. విశ్వనాథ దీన్ని 1934లో 29 రోజుల్లో చెప్పి రాయించారని ప్రసిద్ధి. ఆ ప్రవాహంలో కథ ఒక్కోచోట ఆగి ధర్మం గురించి, చదువుల గురించి, కళల గురించి చర్చ సాగుతుంది. అరగంట పాఠకులకు ఆ చర్చలే అడ్డుగోడలు, ఒక చర్చ రెండు రాత్రులకు చీలితే మొదటి సగం ఏ వాదనతో మొదలైందో గుర్తుండదు. నాలుగు చిన్న నవలలు పూర్తయ్యాక దీన్ని రాత్రుల్లోంచి తీసి ఆదివారాలకు మార్చండి. వారానికి ఒక అధ్యాయం, ఒక్క కూర్చోవడంలో. మీ వేగానికి కొన్ని అధ్యాయాలకు గంట చాలు, కొన్నింటికి ఇంకా ఎక్కువే పట్టవచ్చు. 125వ పేజీ నుంచి అందుకోవద్దు. ధర్మారావు, సుబ్బన్నపేట జమీందారులు, గుడి, ఊరి కులవృత్తుల వాళ్లు అందరూ మొదట్లోనే నిలబడతారు. వాళ్లు మసకగా ఉంటే తర్వాతి పేజీలన్నీ మసకే. మొదటి నుంచి చదువుతూ అట్ట లోపల ఒక కాగితం మీద పేర్లు రాసుకుంటూ పొండి. ప్రతి ఆదివారం మొదలుపెట్టే ముందు ఆ కాగితం ఒకసారి చూసుకోండి. మధ్య రాత్రుల్లో ఇంకో పెద్ద నవల మాత్రం తెరవకండి, రాత్రికో కథ చాలు.